డబ్బు చేరిందో లేదో యాప్‌కే తెలియనప్పుడు రైతుకు ఏమని చెప్పాలి?

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత అమ్మే ఒక డీలరుకు ఆర్డర్ల యాప్ చేసి ఇచ్చాం. అంతా తెలుగులోనే పెట్టాం. అయినా మెసేజ్ కనబడగానే రైతులు యాప్ మూసేసి డీలరుకు ఫోన్ చేస్తున్నారు. ఇప్పుడున్న మాటలు ఇవి: ‘అభ్యర్థన విఫలమైంది. దోష సంకేతం 504. మళ్లీ ప్రయత్నించు’, ‘చెల్లని ఇన్‌పుట్’, ‘ఆర్డరును రద్దు చేయాలా?’ అని అడిగి కింద ‘రద్దు’, ‘సరే’ బటన్లు. ఇవన్నీ మరమనిషి మాటల్లా ఉన్నాయని డీలరు అంటున్నారు. గోదావరి యాసలో సరదాగా రాస్తే బాగుంటుందా? ఎలా మార్చాలి?

సమాధానం:

యాస సంగతి తర్వాత చెబుతాను. మీరు రాసినవాటిలో నన్ను భయపెట్టింది మొదటి మెసేజ్. అది మరమనిషి మాటలా ఉండటం చిన్న లోపం. అందులో ‘విఫలమైంది’ అన్న మాట నిజం కాకపోవడం పెద్ద లోపం.

504 అంటే ఏమిటో మీకు తెలిసే ఉంటుంది. అయినా మెసేజ్ రాసే కళ్లతో మరోసారి చూడండి. ముందున్న సర్వర్ మీ పనిని వెనకున్న సర్వర్‌కు అప్పగించింది. అనుకున్న సమయంలోగా వెనక నుంచి జవాబు రాలేదు. ఆ అంకె చెప్పేది అంతవరకే. నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్లిన మనిషి చీకటి పడినా తిరిగి రాలేదనుకోండి, వెళ్లిన పని చెడిందని ఎవరూ అనరు. ఇంకా కబురు తెలియలేదని అంటారు. మీ యాప్ మాత్రం పని చెడిందని తేల్చి చెప్పేసి, మళ్లీ చేయమని కూడా చెబుతోంది.

దాని ఫలితం నేను కళ్లారా చూశాను. నాది పాలకొల్లు. పన్నెండేళ్లుగా యాప్‌లలో మెసేజ్‌లు, బటన్ల మీది మాటలు రాయడమే నా పని. కొన్నేళ్ల కిందట ఇలాంటి మేత ఆర్డర్ల యాప్‌కే, వేరే కంపెనీకి, రాశాను. ఆకివీడు దగ్గర ఒక రైతుకు 20 బస్తాలకు బదులు 40 బస్తాలు దిగాయి. తప్పు ఎక్కడ జరిగిందో చూడటానికి వెళ్లాను. చెరువు గట్టు మీద కాపలా పాకలో మంచం మీద కూర్చోబెట్టి, ఆయన తన ఫోను నా చేతికిచ్చారు. రాత్రి 7:42కి బ్యాంకు నుంచి ఎస్సెమ్మెస్, ఖాతా నుంచి ₹48,000 వెళ్లిందని. 7:43కి మా యాప్, ‘లావాదేవీ విఫలమైంది. మళ్లీ ప్రయత్నించు’ అని. 7:45కి బ్యాంకు నుంచి మళ్లీ అదే ఎస్సెమ్మెస్. ‘మీరే కదండీ మళ్లీ ప్రయత్నించమన్నారు’ అన్నారాయన. ఆ వాక్యం రాసింది నేనేనని ఆయనకు తెలియదు. వర్షాకాలంలో, పాకలో, అదనంగా పడి ఉన్న 20 బస్తాల మేత. చెమ్మ తగిలితే బూజు పడుతుంది, బూజు పట్టిన మేత చెరువులో వేయలేరు.

అందుకే ఇప్పుడు నేను మాటల కన్నా ముందు స్థితులు రాసుకుంటాను. డబ్బు కట్టే దగ్గర మీ యాప్‌కు మూడు స్థితులుండాలి: డబ్బు అందింది, డబ్బు కదలలేదు, ఇంకా తెలియదు. మీ మెసేజ్‌లలో మొదటి రెండే ఉన్నాయి కాబట్టి, మూడోది వచ్చినప్పుడల్లా రెండోదాని బట్టలు తొడుక్కుని వస్తోంది. మాట ఎంత మెత్తగా రాసినా ఈ ముడి విప్పకపోతే ఉపయోగం లేదు.

మూడో స్థితికి నేను రాసేది ఇలా ఉంటుంది:

‘ఆగండి. డబ్బు అందిందో లేదో ఇంకా తెలియలేదు.
మీ ఆర్డరు మా దగ్గర ఉంది. మళ్లీ కట్టకండి. బ్యాంకు నుంచి కబురు రాగానే ఇక్కడే చెబుతాం.’

దాని కింద రెండు బటన్లు: ‘అందిందా చూడండి’, ‘డీలరుకు ఫోన్ చేయండి’. ‘మళ్లీ కట్టండి’ అన్న బటను ఈ తెర మీద అసలు ఉండకూడదు. వద్దని రాసి, పక్కనే బటను పెడితే చెయ్యి బటను మీదికే పోతుంది. రాత్రి చెరువు నీళ్లకు గాలి అందించే ఏరియేటర్ల హోరులో నిలబడి, రేపటి మేత కోసం కంగారు పడుతున్న మనిషి చదివేది సగమే. ఆయన కంటికి ముందు ఆనేది రంగున్న బటను.

‘ఇంకా తెలియలేదు’ అని రాస్తే మీ డీలరు ఒప్పుకోకపోవచ్చు. మాకు చేతకాదని చెప్పుకున్నట్టు ఉంటుందని నాతో చాలామంది యజమానులు వాదించారు. కానీ రైతు చేతిలో బ్యాంకు ఎస్సెమ్మెస్ ఉంది. డబ్బు వెళ్లిందని అది చెబుతుంటే మీరు విఫలమైందని అంటే, ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని ఆయనకు అర్థమవుతుంది. ఆయన నమ్మేది బ్యాంకును. ఇంతకీ మీ డీలరుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ రెండు మెసేజ్‌ల మధ్య పుట్టినవే అయి ఉంటాయి. ఒకసారి ఫోన్లు వచ్చిన సమయాలను, సర్వర్ లాగ్‌లో 504 పడిన సమయాలను పక్కపక్కన పెట్టి చూడండి.

డబ్బు కదలలేదని పేమెంట్ గేట్‌వే ఖచ్చితంగా చెప్పినప్పుడు మాత్రమే రెండో స్థితి మెసేజ్ ఇవ్వండి: ‘డబ్బు కట్టడం పూర్తి కాలేదు. మీ ఖాతా నుంచి ఏమీ పోలేదు. ఆర్డరు అలాగే ఉంది.’ అప్పుడు ‘మళ్లీ కట్టండి’ అని ధైర్యంగా బటను పెట్టవచ్చు. ‘ఏమీ పోలేదు’ అన్న రెండు మాటలే ఇక్కడ ప్రాణం. అవి లేకపోతే ఆయన ముందు బ్యాంకు యాప్ తెరిచి నిల్వ చూసుకుంటారు, తర్వాత డీలరుకు ఫోన్ చేస్తారు.

సిగ్నల్ లేకపోవడాన్ని కూడా ఇదే గాటన కట్టకండి. బటను నొక్కినప్పుడే సిగ్నల్ లేకపోతే కబురు ఫోను దాటి వెళ్లనే లేదు. అక్కడ ‘సిగ్నల్ లేదు. ఆర్డరు ఇంకా పంపలేదు’ అనడం నిజం. కబురు వెళ్లాక, జవాబు రాకముందు సిగ్నల్ పోతే అది మళ్లీ ‘తెలియదు’ కిందికే వస్తుంది. చెరువుల మధ్య నడుస్తూ ఫోను చూసేవారికి ఈ రెండోదే ఎక్కువగా ఎదురవుతుంది, ఒక గట్టు మీద సిగ్నల్ ఉంటుంది, మలుపు తిరిగితే ఉండదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది, ఖాతా నుంచి డబ్బు వెళ్లి, డీలరుకు చేరకపోవడం. యూపీఐలో వ్యాపారికి కట్టిన డబ్బు ఇలా మధ్యలో చిక్కుకుంటే, కట్టిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశంలో ఉంది. ఆలస్యమైతే రోజుకు ₹100 చొప్పున ఖాతాదారుకు ఇవ్వాలి. మెసేజ్‌లో ఈ నిబంధన అంతా రాయనక్కర్లేదు. కానీ ‘త్వరలో తిరిగి వస్తుంది’ అని మాత్రం రాయకండి. ‘త్వరలో’ అంటే గంటా, వారమా? కట్టిన తేదీకి 5 రోజులు కలిపి యాప్ చేతనే లెక్క వేయించి, ‘బ్యాంకు ఈ డబ్బును 14వ తేదీ లోగా మీ ఖాతాలో వేయాలి’ అని తేదీ రాయండి. ‘వేస్తుంది’ అని కాకుండా ‘వేయాలి’ అన్నాను చూడండి. వేసేది మీరు కాదు కాబట్టి, మీ తరఫున మాట ఇవ్వలేరు.

ఇక్కడ మాట చేయలేని పని ఒకటి ఉంది. ‘మళ్లీ కట్టకండి’ అని ఎంత చక్కగా రాసినా కొందరు కడతారు. అందుకని ఆర్డరు తెర తెరిచినప్పుడే ఫోను ఒక ఆర్డరు నంబరు తయారు చేసుకోవాలి, ఎన్నిసార్లు నొక్కినా అదే నంబరు వెళ్లాలి, ఆ నంబరుతో ఒక ఆర్డరు ఉందని సర్వర్ గుర్తించి రెండోది పుట్టించకూడదు. ఆ నంబరు మీద డబ్బు తేలకుండా ఉన్నంతసేపు పేమెంట్ తెర కూడా రెండోసారి తెరుచుకోకూడదు. మేం అప్పట్లో నొక్కినప్పుడల్లా కొత్త నంబరు ఇచ్చాం. ఆకివీడులో 40 బస్తాలు దిగడానికి నా వాక్యం సగం కారణమైతే మిగతా సగం అది.

ఇక తెలుగుకే ప్రత్యేకమైన ఒక ప్రమాదం. నాకు ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది. మన భాషలో వద్దనే మాట వాక్యం చివర వస్తుంది. నోటిఫికేషన్‌లోనో, ఇరుకైన బటను మీదో చోటు చాలకపోతే ఫోను వాక్యం తోకను కోసేసి మూడు చుక్కలు పెడుతుంది. ‘దయచేసి గమనించండి, ఈ ఆర్డరుకు డబ్బు మళ్లీ కట్టకండి’ అని రాస్తే, తెర మీద ‘దయచేసి గమనించండి, ఈ ఆర్డరుకు డబ్బు మళ్లీ కట్ట…’ అని పడుతుంది. చదివినవారు కట్టమనే అనుకుంటారు. కోత పడినది రెండు అక్షరాలే, అర్థం మాత్రం తలకిందులైంది. పైగా అక్షరాలు పెద్దవిగా కనబడేలా ఫోను సెట్టింగ్ మార్చుకున్న పెద్దవాళ్లకే ఈ కోత ముందు పడుతుంది. పైన నా మెసేజ్ ‘ఆగండి’ అని మొదలైంది అందుకే. ముఖ్యమైన మాట మొదటి రెండు మూడు పదాల్లో వచ్చేయాలి, వాక్యం ఎక్కడ తెగినా అర్థం తిరగబడకూడదు. రాసిన ప్రతి మెసేజ్‌నూ సగానికి తెంపి చదివి చూడండి.

బటన్ల దగ్గరికి వద్దాం. ‘ఆర్డరును రద్దు చేయాలా?’ అని అడిగి ‘రద్దు’, ‘సరే’ అని రెండు బటన్లు ఇచ్చారు. ఆర్డరు వద్దనుకున్న మనిషి ఏది నొక్కాలి? రద్దు చేయమని ‘రద్దు’ నొక్కుతారు. మీ కోడ్‌లో దానికి అర్థం ఈ పెట్టెను మూసేయడం. ఆర్డరు అలాగే ఉండిపోతుంది, మర్నాడు ఉదయం బండి గట్టు దగ్గర ఆగుతుంది. ఇంగ్లీషు కోడ్‌లో ఎప్పుడూ ఉండే రెండు బటన్లను అలాగే తెలుగులోకి దించడం వల్ల వచ్చిన తిప్పలు ఇవి.

పోనీ అని ‘అవును’, ‘కాదు’ పెడదామనుకుంటారు. అవీ వద్దు. ‘ఈ ఆర్డరు వద్దా?’ అని ఎవరైనా అడిగితే మనం ‘అవును’ అనం. ‘వద్దండి’ అంటాం, లేదా ‘ఉండనివ్వండి’ అంటాం. అడిగిన క్రియతోనే జవాబు చెప్పడం తెలుగులో అలవాటు. బటను కూడా ఆ పద్ధతిలోనే ఉంటే తడుముకోవలసిన పని ఉండదు:

‘20 బస్తాల ఆర్డరు వద్దా?’
‘వద్దు, తీసేయండి’, ‘ఉండనివ్వండి’

పై ప్రశ్నను బొటనవేలితో మూసి బటన్లు మాత్రమే చదవండి. ఏది నొక్కితే ఏమి జరుగుతుందో అప్పటికీ తెలియాలి. ‘సరే’ ఈ పరీక్షలో ఎప్పుడూ తప్పుతుంది.

‘సమర్పించు’ లాంటి మాటలు మీ యాప్‌లో ఇంకెక్కడైనా ఉంటే ‘ఆర్డరు పంపండి’, ‘డబ్బు కట్టండి’ అని జరిగే పని పేరు పెట్టండి. మన వైపు సమర్పించేది దేవుడికి. ఇక ‘పంపు’ అనాలా, ‘పంపండి’ అనాలా అన్నది పాత వాదన. బటను అనేది మనిషి ఫోనుకు చేసే ఆజ్ఞ కాబట్టి ‘పంపు’ అనాలని కొందరు రాసేవాళ్ల పట్టుదల. తర్కం ప్రకారం అది తప్పు కాదు. కానీ చదివే రైతుకు అది తాను ఫోనుకు చెబుతున్న మాటలా వినిపించదు, ఫోను తనను ‘నువ్వు’ అంటున్నట్టు వినిపిస్తుంది. డెల్టాలో వయసులో చిన్నవాడిని పిలిచినా మాట చివర ‘అండి’ చేర్చేవాళ్లున్నారు. అలాంటి చోట అరవై ఏళ్ల మనిషిని ‘మళ్లీ ప్రయత్నించు’ అనడం బాగుండదు. ఒక అక్షరం పెరిగినా ‘అండి’ ఉంచండి.

మీరు అడిగిన యాసకు ఇక్కడ జవాబు చెబుతాను. మీరు కోరుకుంటున్న స్నేహం ఆ ‘అండి’లోనే ఉంది. అంతకుమించి ‘ఆయ్’ లాంటివి పెట్టకండి. ఎదురుగా కూర్చుని అంటే ఆ మాటకు ఉండే నవ్వు, తల ఊపు తెర మీద ఉండవు. అక్షరాల్లో చూసినప్పుడు తమను వెక్కిరిస్తున్నారనే అనిపిస్తుంది, సినిమాల్లో మన మాట ఎక్కువగా కామెడీకే వాడారు మరి. రెండోది, ఇక్కడ చెరువులు లీజుకు తీసుకున్నవారిలో వేరే జిల్లాల నుంచి వచ్చినవారూ ఉంటారు. మూడోది అసలైనది: ₹48,000 ఎక్కడుందో తెలియని నిమిషంలో ఎవరికీ సరదా అక్కర్లేదు. ‘అయ్యో!’ అని మొదలుపెట్టే మెసేజ్‌లను కూడా నేను ఒప్పుకోను. ‘క్షమించండి’ అన్నది మీ తప్పు వల్ల ఆయనకు నష్టం జరిగినప్పుడు ఒక్కసారి రాయండి. ప్రతి చిన్న ఆటంకానికీ రాస్తే, రాయవలసిన రోజున దానికి విలువ ఉండదు.

‘చెల్లని ఇన్‌పుట్’ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఏది తప్పో, ఏమి చేయాలో చెప్పండి: ‘ఫోన్ నంబరులో 9 అంకెలే ఉన్నాయి, 10 ఉండాలి.’ ముందు సున్నా వేసినా, మధ్యలో ఖాళీ వదిలినా, +91 పెట్టినా మెసేజ్ ఇవ్వకండి, కోడ్‌లోనే సరిచేసుకోండి. అన్నిటికన్నా మంచి మెసేజ్ రాయవలసిన పని తప్పించుకున్నదే.

ఒక్క పెట్టె దగ్గర మాత్రం ఆగాలి, బస్తాల సంఖ్య వేసే చోట. మేత బస్తా 25 కిలోలు. కొందరు కిలోల్లో ఆలోచిస్తారు, 20 బస్తాలు కావాలనుకుని 500 అని కొడతారు. మీ యాప్‌కు అది చెల్లే సంఖ్యే, కాబట్టి నోరు మెదపదు. చెల్లని దానికి మెసేజ్ రాయడం అందరికీ గుర్తుంటుంది, చెల్లుబాటయ్యే పొరపాటుకు ఎవరూ రాయరు. ఆ రైతు మామూలుగా తెప్పించేదానికి చాలా రెట్లు ఎక్కువ కనబడితే, డబ్బు దాకా పోనివ్వకుండా అక్కడే అడగండి: ‘500 బస్తాలా? అంటే 12,500 కిలోలు.’ కింద ‘500 బస్తాలే’, ‘500 కిలోలు, అంటే 20 బస్తాలు’. గుమాస్తా అడిగే ప్రశ్న ఇదే. కొట్లో కూర్చున్నవాళ్లు ఆర్డరు రాసుకునేటప్పుడు ఏమేమి తిరిగి అడుగుతారో ఒక పూట పక్కన కూర్చుని వినండి, మీకు కావలసిన మెసేజ్‌లు చాలావరకు అక్కడే దొరుకుతాయి.

ఇప్పుడు మీ ఫైళ్ల సంగతి. సంఖ్య, ఊరి పేరు లాంటివి వాక్యంలో అతికించే చోట తెలుగు విరిగిపోతుంది. ‘1 బస్తాలు’ అని పడటం మీరే చూసి ఉంటారు. ఆండ్రాయిడ్‌లో తెలుగుకు ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలు విడిగా ఇవ్వవచ్చు:

```xml
<plurals name="bags_sent">
  <item quantity="one">%d బస్తా బయలుదేరింది</item>
  <item quantity="other">%d బస్తాలు బయలుదేరాయి</item>
</plurals>
```

నామవాచకం ఒక్కదాన్నే మార్చి క్రియను వదిలేయకండి. ‘బయలుదేరింది’ కూడా మారాలి కాబట్టి, వాక్యమంతా రెండుసార్లు రాయడమే మేలు.

ఊరి పేరుది ఇంకా మొండి సమస్య. ‘మేత %sకు బయలుదేరింది’ అని రాశారనుకోండి. పాలకొల్లుకు, ఆకివీడుకు బాగానే కుదురుతుంది. భీమవరం వచ్చేసరికి ‘భీమవరంకు’ అవుతుంది, ‘భీమవరానికి’ కావాలి. నరసాపురం, అమలాపురం, మీ పట్టికలో సున్నాతో ముగిసే ప్రతి ఊరికీ ఇదే గతి. ‘ఉండి’ వస్తే ‘ఉండికు’ అని పడుతుంది, అది కూడా చెవికి తప్పే. ఒక్కో ఊరికి రూపాలు రాసుకుంటూ కూర్చోవచ్చు, నేను ఒక యాప్‌కు ఆ పని చేసి రెండు నెలల్లో విసిగిపోయాను, కొత్త ఊరు చేర్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు మరిచిపోయేవారు. పేరుకు విభక్తి తగలకుండా వాక్యాన్ని తిప్పి రాయండి: ‘మేత బయలుదేరింది. చేరే ఊరు: భీమవరం.’ మనిషి పేరుకూ ఇదే పద్ధతి. తన ఊరి పేరు తప్పుగా చదివిన రైతుకు ఆ పై వాక్యం ఎంత ఆప్యాయంగా ఉన్నా పరాయిదే.

504 అంకెను తెర మీంచి తీసేయండి, లాగ్‌లో మాత్రం ఉంచండి. దాని బదులు మెసేజ్ అడుగున చిన్నగా ‘ఫోన్‌లో చెప్పాల్సిన నంబరు: 4417’ అని ఆర్డరు నంబరు చివరి నాలుగు అంకెలు వేయండి. అక్షరాలూ అంకెలూ కలిసిన పొడవాటి కోడ్ అయితే ఏరియేటర్ల చప్పుడులో చదివి చెప్పడం ఇటువైపూ నరకం, అటువైపూ నరకం. అదే రోజు అదే నాలుగు అంకెలతో రెండు ఆర్డర్లు ఎదురైతే రైతు పేరు అడిగితే సరిపోతుంది.

రాసిన మాటలను పరీక్షించేటప్పుడు ఆఫీసులో కూర్చోబెట్టి ‘అర్థమైందా అండి?’ అని అడగకండి. అందరూ ‘అర్థమైందండి’ అంటారు, మర్యాద కోసం. ఫోను చేతికిచ్చి, మెసేజ్ చూపించి, తీసేసుకుని, ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడగండి. మూడో స్థితి మెసేజ్ పాత రూపాన్ని ఇలా చూపించినప్పుడు ఒకాయన ‘ఇంకోసారి కడతానండి’ అన్నారు, ఇంకొకాయన ‘డీలరు ఇంటికి వెళతాను’ అన్నారు. కొత్తదానికి ‘కాసేపు చూస్తాను’ అన్న జవాబు వచ్చినప్పుడే నేను కలం దించాను. సర్వర్ జవాబును కావాలనే ఆలస్యం చేసి కూడా చూడండి, తెర మీద ఏది ముందు వస్తుందో, బ్యాంకు ఎస్సెమ్మెస్‌కూ దానికీ మధ్య ఎన్ని సెకన్లు గడుస్తాయో తెలుస్తుంది. చదవడం రానివారికి ఇవేవీ పనికిరావు. వారి కోసం ‘డీలరుకు ఫోన్ చేయండి’ బటను మీద టెలిఫోను బొమ్మ పెద్దదిగా పెట్టండి.

ఆ బటను గురించి మీ డీలరును ఒక మాట అడగండి: రాత్రి తొమ్మిది దాటాక ఆ నంబరు ఎవరు ఎత్తుతారు? ఎవరూ ఎత్తకపోతే ఆ గంటల్లో బటను తీసేసి, ‘డీలరు ఉదయం 7 గంటలకు దొరుకుతారు. ఈలోగా బ్యాంకు కబురు వస్తే మేమే తెలియజేస్తాం’ అని రాయండి. ఏడున్నరకు కొట్టు తెరిచేవారైతే ఏడున్నర అనే రాయండి.